హాస్టల్లో అందరూ కలిసి టీవీ కొనాలంటే: మేము చేసిన పద్ధతి, పెట్టుకున్న రూల్స్

మాది తిరుపతిలో బాలాజీ కాలనీ వైపు ఒక ప్రైవేట్ హాస్టల్. రెండో అంతస్తులో ఎనిమిది గదులు, మధ్యలో ఒక హాలు, మొత్తం 23 మందిమి. మదనపల్లె, పలమనేరు, కుప్పం, పుత్తూరు, నగరి, శ్రీకాళహస్తి, ఇలా అన్ని వైపుల నుంచీ వచ్చినవాళ్లం. కిందటేడు దీపావళికి అందులో 18 మందిమి డబ్బులు వేసుకుని హాల్లోకి టీవీ కొన్నాం. ఇప్పటిదాకా డబ్బు విషయంలో ఒక్క గొడవ కూడా మిగల్లేదు. పక్క హాస్టళ్ల వాళ్లు ఎలా చేశారని అడుగుతూనే ఉన్నారు కాబట్టి, మొదటి నుంచి చివరి దాకా రాస్తున్నాను, మీ హాస్టల్‌కి తగ్గట్టు మార్చుకోండి.

టీవీ కొనడం ఒక్క సాయంత్రం పని. కష్టమంతా రెండు చోట్ల ఉంటుంది. ఎవరైనా హాస్టల్ వదిలి వెళ్లేటప్పుడు వాళ్ల డబ్బు సంగతి ఏంటనేది ఒకటి, ఒకే టైముకి ఇద్దరికి రెండు వేర్వేరు చానళ్లు కావాల్సి వచ్చినప్పుడు రిమోట్ ఎవరి చేతిలో ఉండాలనేది ఇంకొకటి. ఈ రెండూ టీవీ ఇంటికి రాకముందే తేల్చుకోవాలి, వచ్చాక తేలవు.

మాకు ఇది ఎలా తెలిసిందంటే, అంతకుముందు ఏడాది మా సీనియర్ ఒకన్న తన కార్డు మీద ఈఎంఐలో టీవీ తెచ్చాడు. పన్నెండు మంది నెలనెలా ఇస్తామన్నారు. మొదటి నెల అందరూ ఇచ్చారు, రెండో నెల ఏడుగురు, మూడో నెల ఇద్దరు. అడిగితే "నేను ఈ నెల టీవీ చూడనేలేదు కదన్నా" అనేవాళ్లు. మిగతా వాయిదాలన్నీ ఆయనే కట్టి, కోర్సు అయిపోగానే టీవీ తీసుకుని పలమనేరు వెళ్లిపోయాడు. గోడకి నాలుగు రంధ్రాలు మిగిలాయి, ఓనర్ దానికి కూడా ఆయన అడ్వాన్సులోనే 500 పట్టుకున్నాడు. ఆయన తప్పు ఏమీ లేదు, అందరి వస్తువుకి ఒక్కడు అప్పు పడ్డాడు, అంతే. అందుకే మా మొదటి రూల్: డబ్బంతా చేతికి వచ్చాకే షాపుకి వెళ్లాలి, ఎవరూ సొంత డబ్బు ముందు పెట్టకూడదు, ఒక్కరి పేరు మీద ఈఎంఐ అసలు వద్దు.

ధర చూడకముందు తలలు లెక్కపెట్టండి

మామూలుగా అందరూ చేసేది ముందు ఆన్‌లైన్లో ఒక టీవీ చూసి, "పద్దెనిమిది వేలు, ఇరవై మందిమి ఉన్నాం, తలా తొమ్మిది వందలు" అనేసుకోవడం. ఇరవై మంది ఉండరు. మేము ఒక కాగితం హాల్లో అంటించి మూడు రోజులు ఉంచాం, ఇష్టమున్నవాళ్లు పేరు రాయండి అని. 21 పేర్లు వచ్చాయి. తర్వాత ఒక్కొక్కరు ముందస్తుగా 200 ఇవ్వండి అన్నాం, 18 మంది ఇచ్చారు. ఆ 18 నిజమైన లెక్క. పేరు రాయడానికీ 200 తీసి ఇవ్వడానికీ మధ్య ఎప్పుడూ కొందరు తగ్గుతారు, ఆ తగ్గేదేదో కొనకముందే తగ్గనివ్వండి.

ఇవ్వనివాళ్లని అడగొద్దు, సాధించొద్దు. మాలో ఒకన్న గ్రూప్-2కి చదువుతున్నాడు, "నాకు టీవీ వద్దురా, శబ్దం రాకుండా చూడండి చాలు" అన్నాడు. ఆయన మాట మాకు తర్వాత చాలా పనికొచ్చింది, అది కింద చెప్తాను. ఇద్దరు తమ్ముళ్లకి ఒక్కసారిగా అంత ఇవ్వడం కష్టమైతే మూడు దఫాలుగా తీసుకున్నాం, కాకపోతే కొనేది ఆ మూడో దఫా అయ్యాకే అనుకున్నాం. దానికోసం దీపావళి దాకా ఆగాం. తక్కువ ఇచ్చినవాడికి తక్కువ హక్కు అనే పద్ధతి మాత్రం పెట్టొద్దు. ఒకసారి అలా మొదలైతే ప్రతి మ్యాచ్‌కీ ఎవడు ఎంత ఇచ్చాడో లెక్క తీస్తారు.

ఓనర్‌తో మాట నోటితో కాకుండా కాగితం మీద

హాస్టల్ ఓనర్ "పెట్టుకోండిలే" అనేస్తాడు. ఆరు నెలల తర్వాత కరెంటు బిల్లు ఎక్కువైందంటాడు, లేదా మీరు ఖాళీ చేసేటప్పుడు టీవీ హాస్టల్దే అంటాడు. మేము ముందే వెళ్లి మూడు విషయాలు అడిగాం: గోడకి బిగించవచ్చా, కరెంటుకి ఎంత, వెళ్లేటప్పుడు టీవీ ఎవరిది. కరెంటు గురించి ఆయన నెలకు 500 అన్నాడు. అక్కడ లెక్క మీ చేతిలో ఉండాలి. టీవీ వెనక స్టిక్కర్ మీద వాట్లు రాసి ఉంటాయి, మేము చూసుకున్న టీవీకి 75 వాట్లు. రోజుకి ఐదు గంటలు చూస్తే 375, నెలకి 11,250 వాట్ గంటలు, అంటే పదకొండు యూనిట్ల పైచిలుకు. యూనిట్‌కి పది రూపాయలు వేసుకున్నా 112 రూపాయలు. ఆ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే ఆయన కాసేపు చూసి 150కి ఒప్పుకున్నాడు. ఆ కాగితం వెనకే ఇలా రాసి సంతకం తీసుకున్నాం:

"రెండో అంతస్తు హాల్లో బిగించే టీవీ కింద సంతకం చేసిన 18 మంది విద్యార్థులది. కరెంటుకి నెలకు 150 రూపాయలు ఇస్తారు. ఖాళీ చేసేటప్పుడు టీవీ వాళ్లు తీసుకెళ్తారు, గోడ రంధ్రాలు వాళ్లే పూడ్పిస్తారు."

మూడు వాక్యాలే. ఫొటో తీసి గ్రూపులో పెట్టండి, అసలు కాగితం ఒకరి దగ్గర ఉంచండి.

ఎంత పెద్దది, ఎలాంటిది

ఇక్కడ ఎక్కువ టైం పెట్టకండి కానీ రెండు పరీక్షలు మాత్రం చేయండి. మొదటిది న్యూస్‌పేపర్ పరీక్ష. 43 అంగుళాలు అనేది మూల నుంచి మూలకి కొలత, వెడల్పు దాదాపు 37 అంగుళాలు, ఎత్తు 21. అంత సైజుకి పేపర్లు అతికించి గోడకి పెట్టి, హాల్లో చిట్టచివర కూర్చుని చూడండి. మా హాలు గోడ నుంచి గోడకి 14 అడుగులు, 32 అంగుళాల పేపర్ పెడితే వెనక కూర్చున్నవాడికి అది కిటికీలా కనబడింది, స్కోరు అంకెలు ఏం కనబడతాయి. అదే ఇద్దరు ముగ్గురుండే గదికైతే 32 చాలు. ఇంకో విషయం, 32 దాటిన టీవీలకి ఇదివరకు జీఎస్టీ 28 శాతం ఉండేది, 2025 సెప్టెంబర్ 22 నుంచి అది 18కి తగ్గింది. అంతకుముందు కొన్నవాళ్లు చెప్పే ధరలు చూసి 43 మనవల్ల కాదని అనుకోకండి.

రెండోది పక్క పరీక్ష. ఇంట్లో టీవీకి ఎదురుగా కూర్చుంటాం, హాస్టల్లో సగం మంది పక్కల్లో చాపల మీద కూర్చుంటారు. కొన్ని ప్యానెళ్లు ఎదురుగా అద్భుతంగా ఉండి, పక్కకి జరిగితే నలుపంతా బూడిద రంగుకి తిరిగి మొహాలు వెలిసిపోయినట్టు కనబడతాయి. షాపులో టీవీ ముందు నిలబడి మెచ్చుకోకుండా, గోడకి ఆనుకుని పక్క నుంచి చూడండి. మేము మొదట అనుకున్న టీవీని ఈ ఒక్క కారణానికే వదిలేశాం.

వారంటీ కాగితం కొనకముందే అడిగి చదవండి. చాలా కంపెనీలు ఇంట్లో వాడకానికే వారంటీ ఇస్తాయి, వ్యాపార స్థలంలో పెడితే చెల్లదని రాసుంటుంది. హాస్టల్ దేని కిందికి వస్తుందో షాపువాడిని కాకుండా కంపెనీ కస్టమర్ కేర్‌ని అడిగి తెలుసుకోండి. బిల్లు హాస్టల్ పేరు మీద వద్దు, మీలో ఇంకా రెండు మూడేళ్లు ఇక్కడే ఉండేవాడి పేరు మీద తీసుకోండి. తెర పగిలితే ఏ వారంటీ రాదు, కొత్త తెర ధర దాదాపు టీవీ ధర దగ్గరికే వెళ్తుంది. అందుకే డెలివరీ రోజు అట్టపెట్టె విప్పడం దగ్గర నుంచి తెర వెలిగేదాకా ఆపకుండా వీడియో తీయండి. ఎత్తు విషయానికొస్తే, కింద కూర్చునేవాళ్లు ఎక్కువైతే టీవీ కింది అంచు నేల నుంచి నాలుగు అడుగుల పైన ఉండేలా బిగించండి, ముందువాడి తల వెనకవాడికి అడ్డు రాదు.

లెక్క: ఇదే అసలు విషయం

మాకు అయిన ఖర్చు ఇది. టీవీ 16,990, గోడ స్టాండు 450, స్టెబిలైజర్ 1,500, మంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు 500. మొత్తం 19,440. పద్దెనిమిది మందికి తలా 1,080. ముందు ఇచ్చిన 200 పోను మిగతా 880 వసూలు చేశాం. డబ్బంతా ఒకరి ఫోన్‌పేకి కాకుండా ఇద్దరి బాధ్యతలో పెట్టాం, ఒకరు తీసుకుంటారు, ఇంకొకరు నోటుబుక్కులో రాసి అదే రోజు పేజీ ఫొటో గ్రూపులో పెడతారు. ఇద్దరూ వేర్వేరు గదులవాళ్లు అయితే మంచిది.

ఇప్పుడు కష్టమైన ప్రశ్న. ఫైనల్ ఇయర్ వాళ్లు ఆరు నెలల్లో వెళ్లిపోతారు, వాళ్లూ 1,080 ఇచ్చారు, మొదటి ఏడాది వాడూ 1,080 ఇచ్చాడు. వెళ్లేవాడు "నా డబ్బు నాకివ్వండి" అంటే ఎంతివ్వాలి? మొత్తం ఇస్తే ఆరు నెలలు ఊరికే చూసినట్టు, ఏమీ ఇవ్వకపోతే ఫైనల్ ఇయర్ వాళ్లు అసలు చేరనే చేరరు. మేము టీవీ ఆయుష్షు 36 నెలలు అనుకున్నాం. 1,080ని 36తో భాగిస్తే నెలకి 30. అంటే ఒక్కొక్కరి వాటా ప్రతి నెలా 30 రూపాయలు తగ్గుతూ పోతుంది. ఎవరు ఎప్పుడు వెళ్లినా మిగిలిన విలువ ఎంతో చిన్నపిల్లవాడు కూడా చెప్పగలడు, బేరం ఉండదు.

డబ్బు ఎవరిస్తారంటే, వాటాని ఒక సీటు అనుకోండి. వెళ్లేవాడి సీటు తీసుకునే కొత్తవాడు ఆ మిగిలిన విలువ నేరుగా వెళ్లేవాడికి ఇస్తాడు. ఉమ్మడి డబ్బు కదలదు. మేము నవంబర్ నుంచి లెక్క మొదలుపెట్టాం. ఏప్రిల్ ఆఖరుకి నలుగురు వెళ్లారు, అప్పటికి ఆరు నెలలు, 180 తగ్గింది, వాటా విలువ 900. ముగ్గురికి వెంటనే సీటు తీసుకునేవాళ్లు దొరికారు, అందులో ఇద్దరు మొదట వద్దన్నవాళ్లే. నాలుగో అన్న పుత్తూరు అబ్బాయి, ఆయన సీటుకి ఎవరూ రాలేదు. ఇలాంటి చోటే స్నేహాలు చెడతాయి.

దానికోసమే మొదటి నెల నుంచి ఒక్కొక్కరం 20 రూపాయలు ఉమ్మడి నిధిలో వేస్తున్నాం, నెలకి 360. అందులోంచి ఓనర్‌కి 150, మిగిలినవి యాప్ సబ్‌స్క్రిప్షన్, బ్యాటరీలు, రిపేర్లకి. ఆర్నెల్లకి వచ్చింది 2,160, ఓనర్‌కి ఇచ్చింది 900, బ్యాటరీలకీ ఒక కేబుల్‌కీ 210. మిగిలింది 1,050. ఐపీఎల్ కోసం యాప్‌కి ఆ సీజన్లో విడిగా చందా వేసుకున్నాం కాబట్టి ఇది బతికింది. పుత్తూరు అన్న సీటుని నిధే 900కి కొనేసుకుంది. జూన్ మొదట్లో కొత్తగా చేరిన తమ్ముడొకడు అదే సీటు తీసుకున్నాడు, అప్పటికి ఏడు నెలలు, విలువ 870, ఆ డబ్బు నిధిలోకి వెళ్లింది. నిధికి పోయింది 30 రూపాయలు. నిధిలో డబ్బు లేకపోతే ఏం చేయాలనేది కూడా ముందే రాసుకోండి, మేము "సీటు తీసుకునేవాడు దొరికే దాకా ఆగాలి, విలువ మాత్రం వెళ్లిన నెల దగ్గరే నిలిచిపోతుంది, తేడా వస్తే నిధి భరిస్తుంది" అని రాసుకున్నాం. నిధిలో వేసిన 20 మాత్రం ఎవరికీ తిరిగి రాదు.

ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. ఈ 900, 870 అన్నవి మనలో మనం ఒప్పుకున్న విలువలు, బజారు ధర కాదు. హాస్టల్ మూసేసి అందరూ ఒక్కసారే వెళ్లాల్సి వస్తే సెకండ్ హ్యాండ్లో అమ్మగా ఎంత వస్తే అంత, 18తో భాగించుకోవడమే. అది కూడా రాసుకున్నాం. 36 నెలలు నిండాక వాటా విలువ సున్నా, అప్పటికి టీవీ నడుస్తుంటే అప్పుడు సీట్లలో ఉన్నవాళ్లది.

మొదటి వారం రూల్స్ పెట్టొద్దు, చూడండి

మేము చేసిన మంచి పనుల్లో ఇదొకటి. టీవీ రాగానే పెద్ద జాబితా రాయలేదు. ఒక వారం వదిలేసి, ఏ గొడవ వచ్చినా నోటుబుక్కులో రాయమన్నాం. ఆదివారం రాత్రి చూస్తే తొమ్మిది గొడవలు, అందులో ఆరు శబ్దం గురించే. చానల్ గురించి వస్తాయనుకున్నాం, రాలేదు.

శబ్దం విషయంలో మాకు కళ్లు తెరిపించింది ఆ గ్రూప్-2 అన్నే. ఆయన గది హాలుకి ఆనుకునే ఉంటుంది. నాలుగో రోజు రాత్రి పన్నెండుకి నేను ఆరేసిన బట్టలు తీయడానికి మిద్దె మీదికి పోతే, వాటర్ ట్యాంకు పక్కన బల్బు కింద చాప వేసుకుని, చెవులకి మఫ్లర్ చుట్టుకుని చదువుకుంటున్నాడు. దోమల చక్రం ఒకటి పక్కన. "ఏందన్నా ఇక్కడ" అంటే "ఏం లేదులే, గాలి బాగుంది" అన్నాడు. రూపాయి వాటా లేని మనిషి మా టీవీ వల్ల మిద్దె ఎక్కాడు. ఆ ఆదివారమే అందరం కూర్చున్నాం.

చేసింది ఇది. ఆయన్ని గదిలో తలుపేసుకుని కూర్చోమన్నాం. హాల్లో వార్తల చానల్ పెట్టి, వాల్యూమ్ ఒక్కో అంకె తగ్గిస్తూ వచ్చాం. శబ్దం వినబడటం వేరు, మాటలు అర్థమవడం వేరు. మాట అర్థమవుతుంటే మనసు అటే పోతుంది, చదువు సాగదు. ఆయన లోపల నుంచి "ఇప్పుడు మాట తెలియట్లేదు" అని తలుపు కొట్టిన అంకె 13. రాత్రి తొమ్మిది తర్వాత వాల్యూమ్ 13 దాటకూడదని అదే గోడ మీద రాశాం. మీరూ ఈ పరీక్ష మీ హాల్లోనే చేయండి, మా 13 మీకు పనికిరాదు, టీవీని బట్టీ గోడని బట్టీ మారుతుంది. వార్తల చానల్‌తోనే చేయండి, సినిమాతో చేస్తే ఒక సీన్ మెల్లగా, ఇంకొకటి గట్టిగా ఉండి అంకె తప్పొస్తుంది. కొన్ని టీవీల్లో హోటల్ మోడ్ అనే సెట్టింగ్ ఉంటుంది, దాంట్లో వాల్యూమ్ ఇంతకు మించకుండా తాళం వేయొచ్చు. మాన్యువల్లో ఉంటే వాడుకోండి, లేకపోతే యూట్యూబ్ చూసి ఫ్యాక్టరీ మెనూలోకి మాత్రం దూరొద్దు, అక్కడ ఒక్క అంకె తప్పు మారిస్తే సర్వీస్ మనిషి రావాల్సిందే.

ఇంకో చిన్న ఏర్పాటు. హాలు తలుపు దగ్గర ఒక మేకుకి ఎర్ర గుడ్డ వేలాడదీశాం. రేపు పొద్దున పరీక్ష ఉన్నవాడు ఎవడైనా సరే, వాటా ఉన్నా లేకపోయినా, ఆ గుడ్డ తీసి టీవీ మీద వేస్తే ఆ రాత్రి తొమ్మిది నుంచి శబ్దం సున్నా, బొమ్మ ఒక్కటే. కారణం అడగకూడదు. మొదట్లో దీన్ని ఊరికే వాడతారేమోనని భయపడ్డాం. అలా జరగలేదు, ఎందుకంటే టీవీ ఆగదు, శబ్దమే ఆగుతుంది కాబట్టి ఎవరికీ కోపం రాదు, వాడుకోవడానికి ఎవరూ మొహమాటపడరు.

ఎవరు ఏం చూడాలి

ఎక్కువమంది చేతులెత్తితే అదే పెట్టడం న్యాయంలా కనబడుతుంది, కాదు. మాలో పదకొండు మంది క్రికెట్ పిచ్చోళ్లు. ప్రతి రాత్రీ ఓటు పెడితే మిగతా ఏడుగురు ఏడాదంతా ఒక్క రోజు కూడా గెలవరు, వాళ్లూ 1,080 ఇచ్చినవాళ్లే. అందుకని ఓటు వద్దు, వంతు పెట్టుకోండి.

మా పద్ధతిలో రాత్రి ఏడు నుంచి పది దాకా మూడు గంటలు, వారానికి 21 గంటలు. ఒక్కొక్కరికీ వారానికి ఒక చీటీ, ఒక చీటీ ఒక గంట. 18 చీటీలు పోగా మూడు గంటలు మిగులుతాయి, అవి ఆదివారం సినిమాకి. ఆదివారం రాత్రి అన్నం తిన్నాక పదిహేను నిమిషాలు కూర్చుని వచ్చే వారం గడుల్లో పేర్లు రాస్తాం. ఎవరి చీటీ వాళ్ల ఇష్టం, ఇద్దరు ముగ్గురు కలుపుకోవచ్చు, ఒకరికొకరు ఇచ్చుకోవచ్చు, అమ్ముకోవడం మాత్రం కుదరదు. మ్యాచ్ కావాల్సినవాళ్లు చీటీలు కలుపుకుంటారు. మిగతా టైమంతా ఎవరు ముందొస్తే వాళ్లది. పొద్దున ఆరింటికి ఎస్వీబీసీ పెట్టుకునే తమ్ముడొకడున్నాడు, వాల్యూమ్ 8, దానికి ఎవరూ అడ్డు చెప్పలేదు.

ఇండియా మ్యాచ్‌కి మాత్రం చీటీలు లేవు, అది అందరిదీ అనుకున్నాం. డబ్బు తక్కువున్న హాస్టళ్లు ఒకటి గుర్తుంచుకోండి, 2007 నాటి చట్టం ప్రకారం దేశానికి ముఖ్యమైనవిగా ప్రకటించిన మ్యాచ్‌లని ప్రసార హక్కులు కొన్న చానల్ వాళ్లు ప్రసార భారతితో పంచుకోవాలి. అందువల్ల ఇండియా ఆడే చాలా మ్యాచ్‌లు డీడీ ఫ్రీ డిష్‌లో దూరదర్శన్ మీద వస్తాయి, నెలనెలా కట్టేది ఏమీ ఉండదు, డిష్‌కీ బాక్స్‌కీ ఒకసారి ఖర్చు అంతే. ఐపీఎల్ మాత్రం దాంట్లో ఉంటుందని ఆశపడొద్దు.

ఐపీఎల్ వచ్చినప్పుడు చీటీల పద్ధతి మొదటిసారి తడబడింది. రెండు నెలలు దాదాపు ప్రతి సాయంత్రం ఏడున్నరకి మ్యాచ్, అయ్యేసరికి పదకొండు దాటుతుంది. మేము తేల్చుకున్నది, వారానికి ఐదు రోజులు మ్యాచ్, మంగళ, గురువారాలు మ్యాచ్ లేదు, ఆ రెండు రోజులు చూడాలనుకున్నవాళ్లు ఫోన్లో చూసుకోవాలి. దానికి బదులుగా క్రికెట్ వాళ్లు ఆ రెండు నెలలూ తమ చీటీలు మిగతావాళ్లకి వదిలేశారు. పదిన్నరకి శబ్దం కట్, చివరి ఓవరైనా సరే. మొదటి రోజు అందరికీ బాధనిపించింది. తర్వాత ఆ మూగ ఓవర్లలో అందరూ నోటికి చేయి అడ్డం పెట్టుకుని గెంతడం అలవాటైంది.

ఉమ్మడి చిత్తూరు జిల్లా వాళ్లకి ఇంకో గొడవ ఉంటుంది, వేరే చోట ఉండదేమో. కామెంటరీ ఏ భాషలో? నగరి, సత్యవేడు వైపు వాళ్లకి తమిళం ఇంటి భాష, చెన్నై ఆడితే తమిళ కామెంటరీ లేకపోతే మ్యాచ్ చూసినట్టే ఉండదంటారు. కుప్పం తమ్ముడు బెంగళూరుకి ప్రాణం పెడతాడు, వాడికి కన్నడ. మిగతావాళ్లకి తెలుగు. యాప్‌లో భాష మార్చుకునే వీలుంది కాబట్టి, మొదటి ఇన్నింగ్స్ తెలుగు, రెండో ఇన్నింగ్స్ ఆ రోజు ఆడే టీం వాళ్ల భాష అని పెట్టుకున్నాం. ఓవర్ మధ్యలో మార్చకూడదు, మారుస్తుంటే ఒక్కోసారి తెర ఆగి మళ్లీ మొదలవుతుంది, ఆ పది సెకన్లలోనే వికెట్ పడితే ఇంక చెప్పక్కర్లేదు.

రిమోట్ పెట్టెలో ఉన్నా చానల్ మారుతుంది

రిమోట్‌కి ఒక స్థలం పెట్టండి, మాది టీవీ కింద అట్టపెట్టె. కానీ స్మార్ట్ టీవీకి ఫోన్ కూడా రిమోట్ అవుతుందని మేము ఆలోచించలేదు. ఒక రాత్రి మ్యాచ్ నడుస్తుండగా ఉన్నట్టుండి తెర మీద ఎవరో పెరుగు పచ్చడి వీడియో వచ్చింది. అందరూ ఒకరినొకరు అనుమానించుకున్నారు. తీరా చూస్తే మూడో అంతస్తులో ఒక అబ్బాయి అదే వైఫైలో ఉండి, తన ఫోన్లో యూట్యూబ్ పైన కనబడే టీవీ గుర్తు పొరపాటున నొక్కాడు. పాపం వాడికి మా టీవీ సంగతే తెలియదు. ఒకే వైఫైలో ఉన్న ఎవరి ఫోన్ నుంచైనా వీడియో ఇలా టీవీకి పోవచ్చు. టీవీని హాస్టల్ వైఫైకి కాకుండా ఆ రోజు చూస్తున్నవాళ్లలో ఒకరి హాట్‌స్పాట్‌కి కలపడం ఒక దారి, డేటా ఖర్చవుతుంది. ఓనర్‌ని అడిగి రౌటర్లో టీవీ కోసం వేరే పాస్‌వర్డ్‌తో గెస్ట్ నెట్‌వర్క్ పెట్టించుకోవడం ఇంకా మంచిది, మేము అదే చేశాం. ఫోన్ని రిమోట్‌గా జత చేసుకున్నవాళ్ల జాబితా టీవీ సెట్టింగ్స్‌లో ఉంటే నెలకోసారి తుడిచేయండి.

ఎవరూ సొంత ఈమెయిల్‌తో టీవీలో లాగిన్ అవ్వొద్దు. మా వాడొకడి అకౌంట్ ఉన్నన్నాళ్లూ వాడు ఫోన్లో వెతికినవన్నీ హాల్లో తెర మీద సూచనలుగా వచ్చాయి, వాడు వారం రోజులు హాల్లోకే రాలేదు. టీవీ కోసం ఒక కొత్త ఈమెయిల్ తెరవండి, దానికి ఏ కార్డూ, యూపీఐ కలపొద్దు, పాస్‌వర్డ్ లెక్కలు చూసే ఇద్దరి దగ్గరే ఉండాలి, వాళ్లలో ఒకరు వెళ్లిపోయిన రోజే మార్చాలి.

వాటా లేనివాళ్లు వచ్చి చూస్తే? రానివ్వండి. చూడొచ్చు, చీటీ ఉండదు, అంతే. మొదట్లో ఒకరిద్దరు "డబ్బులివ్వకుండా ముందు వరసలో కూర్చుంటాడేంటి" అని సణిగారు. హాల్లోంచి మనిషిని లేపడం మొదలుపెడితే అది హాస్టల్ హాలు కాకుండా పోతుంది, ఓనర్ ముందు కూడా నిలబడదు, హాలు అందరిదీ కదా. ఏప్రిల్లో సీటు తీసుకున్న ముగ్గురిలో ఇద్దరు అలా ఊరికే వచ్చి కూర్చుంటూ చేరినవాళ్లే.

వర్షాకాలంలో ఉరుము వినబడగానే ప్లగ్ తీసేయాలి, డిష్ ఉంటే ఆ కేబుల్ కూడా. స్టెబిలైజర్ వోల్టేజ్ తేడాలకే, పిడుగుకి పనికిరాదు. హాల్లో ప్లాస్టిక్ బంతితో ఆట లేదు, తెర పగలగొట్టినవాడు అప్పటికి టీవీకి మిగిలిన విలువ కట్టాలి, అంటే ఒక వాటా విలువ ఇంటు 18. ఆరు నెలలు నిండాక అయితే 16,200. ఆ అంకె తలుపు మీద రాసి ప్రతి నెల ఒకటో తారీఖున 540 తగ్గించి మారుస్తున్నాం. ఇప్పటిదాకా హాల్లో బంతి కనబడలేదు.

మా గోడ మీద ఉన్న కాగితం పొడవు అర పేజీ. 18 పేర్లు, వాటి పక్కన సంతకాలు, కింద రూల్స్. ఎవరైనా వెళ్లినప్పుడు కొత్త కాగితం రాయం, పాత పేరు మీద ఒక గీత కొట్టి, పక్కన కొత్త పేరు, తేదీ, ఇచ్చిన డబ్బు రాసి ఇద్దరూ సంతకం చేస్తారు. పుత్తూరు అన్న పేరు మీద గీత పక్కన మొదట "నిధి, 900" అని, దాని కింద జూన్ తేదీతో కొత్త తమ్ముడి పేరు, 870 అని ఉంది. కాగితం నిండిపోయినప్పుడు పాతది చింపకుండా దాని కిందే ఇంకొకటి అంటించండి.